మందుల డబ్బా మీద గీత కొట్టిన సూర్యుడు, త్రిభుజంలో కారు, కొట్టేసిన గర్భిణి: ఏ బొమ్మ ఎవరికి ఏం చెబుతోంది?

శ్రీలత_లియోన్
అందరికీ నమస్తే. మా అమ్మ అమలాపురం నుంచి మూడు నెలలు మా దగ్గర ఉందామని లియోన్ వచ్చింది. వయసు 61, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. వచ్చిన వారానికే కుడి చేతి మణికట్టు నొప్పి అంటే ఇక్కడి డాక్టర్‌కి చూపించాం. కీటోప్రోఫెన్ జెల్ రాశారు. దురదకి సెటిరిజిన్ కూడా ఇచ్చారు.

జెల్ డబ్బా మీద సూర్యుడి బొమ్మ ఉంది, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. అమ్మకి ఫ్రెంచ్ రాదు. బొమ్మ చూసి "ఇది ఎండ తగలకుండా పెట్టాలి" అని ట్యూబ్‌ని బీరువాలో బట్టల మధ్య దాచింది. నేను కూడా నిజమే అనుకున్నాను. రోజూ పొద్దున జెల్ రాసుకుని, ఇక్కడ ఎండ దొరకడమే గొప్ప అని బాల్కనీలో కూర్చుని కూరగాయలు తరిగేది.

ఐదో రోజు, అంటే జూన్ 8 సాయంత్రానికి మణికట్టు చుట్టూ గాజు తొడిగినట్టు ఎర్రగా కందిపోయింది. మర్నాడు పొద్దున చిన్న చిన్న నీటి బొబ్బలు. నాకు చాలా టెన్షన్ వచ్చింది. అప్పుడు లోపలి కాగితం తీసి తర్జుమా చేసుకుని చదివితే, ఎండ తగలకూడనిది ట్యూబ్‌కి కాదు, జెల్ రాసిన చర్మానికి అని తెలిసింది. జెల్ ఆపేశాం. డాక్టర్ దగ్గరికి రేపు వెళ్తున్నాం.

నా ప్రశ్న ఏమిటంటే, సెటిరిజిన్ డబ్బా మీద పసుపు త్రిభుజంలో కారు ఉంది. అదే త్రిభుజం అమ్మ ఇన్సులిన్ డబ్బా మీద కూడా ఉంది. అమ్మ కారు నడపదు. అంటే అది మాకు సంబంధం లేనిదేనా? మళ్ళీ తప్పు చదవకూడదని అడుగుతున్నాను.

మందులషాపు_వెంకట్
శ్రీలత గారూ, మాది రాజమండ్రిలో షాపు, ఇరవై రెండేళ్ల నుంచి నడుపుతున్నాను. మీ అమ్మగారు పొరబడలేదండీ. సూర్యుడి బొమ్మ అంటే నిల్వ గురించే. గ్లూకోమీటర్ స్ట్రిప్పుల డబ్బా, సిరంజిల డబ్బా, సెలైన్ సెట్ కవరు, దేని మీదైనా చూడండి, సూర్యుడు ఉంటాడు, పక్కనే గొడుగు ఉంటుంది. ఎండలో పెట్టొద్దు, తడవనీయొద్దు అని. బొబ్బలు జెల్ పడక వచ్చి ఉంటాయి. కొందరికి ఏ జెల్ అయినా పడదు.

కారు బొమ్మ అంటే మత్తు. బండి నడపకపోతే పట్టించుకోనక్కర్లేదు.

పద్మజ_లీడ్స్
వెంకట్ గారూ, మీరు చెప్పిన స్ట్రిప్పుల డబ్బా బొమ్మ నిజమే. కానీ శ్రీలత గారి ట్యూబ్ మీదది ఆ బొమ్మ కాదు. నేను లీడ్స్‌లో హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను. ఈ రెండు సూర్యుళ్లని కలిపేసుకునే వాళ్లని తరచూ చూస్తాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నిల్వకి సంబంధించిన సూర్యుడు నల్ల గీతలతో ఉంటాడు. కింద గుడిసె కప్పులా రెండు ఏటవాలు గీతలు, వాటి పైన సూర్యుడు. ఆ కప్పు కింద ఉన్నది సరుకు అన్నమాట. చుట్టుపక్కల గొడుగు, థర్మామీటర్, గడువు తేదీకి ఇసుక గడియారం లాంటి బొమ్మలు వరుసగా ఉంటాయి. అవన్నీ సరుకు గురించి మాట్లాడే బొమ్మలు, వాడే మనిషి గురించి కాదు.

కీటోప్రోఫెన్ ట్యూబ్ మీద సూర్యుడిని కొట్టేసి ఉంటుంది. అది మనిషికి. 2010లో ఈ జెల్ మీద యూరప్‌లో పెద్ద చర్చే జరిగింది. ఆ ఏడు జనవరిలో ఫ్రాన్స్ అమ్మకాలే ఆపేసింది, అదే నెలలో కోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది. తర్వాత యూరప్ మందుల సంస్థ పరిశీలించి, జెల్ ఉండవచ్చు గానీ డాక్టర్ చీటీ మీదే ఇవ్వాలి, ఎండ హెచ్చరిక స్పష్టంగా ఉండాలి అని తేల్చింది.

మీ అమ్మగారి చేతికి వచ్చినది ఈ మందుకి బాగా తెలిసిన తీరే. జెల్ రాసిన మేరకే, అంచు గీసినట్టుగా ఎర్రబడటం, తర్వాత బొబ్బలు. మామూలుగా జెల్ పడకపోవడం వేరు. అది నీడలో ఉన్నా వస్తుంది. ఇది ఎండ కలిస్తేనే వస్తుంది. చర్మంలో ఉన్న మందు మీద ఎండలోని యూవీఏ కిరణాలు పడినప్పుడు అలర్జీ పుడుతుంది. అద్దంలోంచి కూడా యూవీఏ చాలా వరకు వస్తుంది కాబట్టి, కిటికీ పక్కన కూర్చున్నా, కారులో కూర్చున్నా సరిపోతుంది. మబ్బు పట్టినా వదలదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, బొమ్మలో ఎక్కడా లేనిది ఒకటుంది. జెల్ ఆపాక కూడా రెండు వారాలు ఆ చోటు ఎండకి చూపించకూడదు. మందు చర్మంలో అంతకాలం నిలిచి ఉంటుంది. మీరు జూన్ 9న ఆపారంటే జూన్ 23 దాకా ఆ చెయ్యి పొడుగు చేతుల జాకెట్టు కిందే ఉండాలి.

ఇంకో మాట. జెల్ రాసిన చేతికి కూడా అంటుతుంది. కుడి మణికట్టుకి ఎడమ చేతి వేళ్లతో రాసుకుని ఉంటారు. ఆ వేళ్లు చూడండి. ప్రతిసారీ రాసుకున్నాక సబ్బుతో కడుక్కోవాలి.

శ్రీలత_లియోన్
పద్మజ గారూ, ఇప్పుడే చూశాను. ఎడమ చూపుడు వేలు, మధ్య వేలి కొసలు కూడా ఎర్రగా ఉన్నాయి. కూరగాయలు తరగడం వల్ల అనుకుంది అమ్మ. సన్‌స్క్రీన్ ఇంట్లో ఉంది, అది రాసి పూర్తిగా కప్పేస్తే నయమా?

పద్మజ_లీడ్స్
ఆగండి, రాయకండి. డబ్బా వెనక పదార్థాల పేర్లలో ఆక్టోక్రిలీన్ అని ఉందేమో చూడండి. చాలా సన్‌స్క్రీన్లలో ఉంటుంది. కీటోప్రోఫెన్‌తో ఎండ అలర్జీ వచ్చిన వాళ్లకి ఆక్టోక్రిలీన్ కూడా పడకపోవడం బాగా తెలిసిన సంగతే. మేలు చేద్దామని రాస్తే కీడు అవుతుంది. బట్ట చాలు. రేపు డాక్టర్‌కి బొబ్బలు, వేళ్లు రెండూ చూపించండి. ఈ జెల్ మళ్ళీ వాడకూడదని అమ్మగారి మందుల చీటీలో రాయించుకోండి. ఇండియా వెళ్లాక ఇంకో పేరుతో ఇదే మందు చేతికి రావచ్చు.

మందులషాపు_వెంకట్
పద్మజ గారూ, ఒప్పుకుంటున్నాను. మా దగ్గర కీటోప్రోఫెన్ జెల్ అమ్ముతాం. కౌంటర్ మీద ఉన్న ట్యూబ్ ఇప్పుడే తీసి చూశాను. సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది, బొమ్మ లేదు. ఇన్నేళ్లలో ఎండ గురించి ఒక్కరికీ చెప్పలేదు. పొలం పనికి వెళ్లే వాళ్లు నడుము నొప్పికి, మోచేతి నొప్పికి అడుగుతారు. ఎండలోనే కదా వాళ్ల పని. ఇకనుంచి చెప్తాను.

యాదగిరి_సూర్యాపేట
అన్నా, అక్కా, నేను లారీ డ్రైవర్ని. ఎండ సంగతి పక్కన పెట్టండి, కారు బొమ్మ గురించి నాకు జరిగింది చెప్తా. పోయిన చలికాలం బాగా జలుబు చేసింది. షాపులో అడిగితే జలుబు గోలీ ఇచ్చిండు. రాత్రి తొమ్మిదింటికి వేసుకుని పడుకున్న. తెల్లారి నాలుగింటికి సూర్యాపేట నుంచి విజయవాడ బండి తీసిన. నిద్ర సరిపోయింది, కళ్లు మూతలు పడలేదు. కానీ కోదాడ దాటినాక ముందు పోయే ఆటో బ్రేక్ వేసింది. నాకు కనబడింది, కాలు మాత్రం ఆలస్యంగా కదిలింది. అంతే. మూడు అడుగులు మిగిలింది. ఆటోలో బడి పిల్లలు ఉన్నారు.

ఆ గోలీ స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉండె. ఎర్ర గీత అంటే మత్తు గోలీ అని తర్వాత మా క్లీనర్ చెప్పిండు. మన దగ్గర కారు బొమ్మ బదులు ఆ ఎర్ర గీతేనా?

మందులషాపు_వెంకట్
యాదగిరి తమ్ముడూ, పిల్లలకి ఏమీ కానందుకు దేవుడికి దండం. ఎర్ర గీతకీ మత్తుకీ సంబంధం లేదు. స్ట్రిప్ వెనక నిలువునా ఉండే ఆ గీత డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని చెప్పడానికి. యాంటిబయాటిక్స్ ఇష్టం వచ్చినట్టు వాడొద్దని 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దాని గురించి ప్రచారం కూడా చేసింది. అలాగే ఎర్ర అక్షరాల్లో Rx అని ఉంటే చీటీ మీద అమ్మాల్సిన మందు. NRx అంటే మత్తుమందుల చట్టం కిందికి వచ్చేది. ఇవన్నీ అమ్మే వాడికి చెప్పే గుర్తులు. వాడే వాడికి నిద్ర వస్తుందా, ఎండ పడదా అని చెప్పే బొమ్మ మన స్ట్రిప్పుల మీద తప్పనిసరి కాదు.

ఎర్ర గీత లేని గోలీ కూడా మత్తు తేవచ్చు. ఎర్ర గీత ఉన్న యాంటిబయాటిక్ వేసుకుని హాయిగా బండి నడపవచ్చు. గీత చూసి మత్తు సంగతి చెప్పలేం.

పద్మజ_లీడ్స్
యాదగిరి గారూ, మీరు రాసిన ఒక్క మాట అందరూ చదవాలి. "కళ్లు మూతలు పడలేదు, కాలు ఆలస్యంగా కదిలింది." మగత అంటే తూగు ఒక్కటే కాదు. మనకి మెలకువగా ఉన్నట్టే ఉంటుంది, చూసినదానికి స్పందించే వేగం తగ్గుతుంది. అది లోపలినుంచి తెలియదు. జలుబు గోలీల్లో క్లోర్‌ఫెనిరమిన్ అనే పాతకాలపు అలర్జీ మందు కలుపుతారు. అది శరీరంలోంచి నెమ్మదిగా పోతుంది. రాత్రి వేసుకున్నది పొద్దుటికి పూర్తిగా దిగదు. మీరు ఏడు గంటలకే స్టీరింగ్ పట్టారు.

ఇప్పుడు శ్రీలత గారి త్రిభుజం. ఫ్రాన్స్‌లో ఈ కారు బొమ్మని 2005లో మూడు మెట్లుగా పెట్టారు. పసుపు అంటే జాగ్రత్త, కాగితం చదవకుండా నడపొద్దు. నారింజ అంటే చాలా జాగ్రత్త, డాక్టర్నో ఫార్మసిస్టునో అడగకుండా నడపొద్దు. ఎరుపు అంటే నడపనే కూడదు, మళ్ళీ ఎప్పుడు నడపాలో డాక్టర్ చెప్పాలి. సెటిరిజిన్ పసుపు. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్ర ఎరుపు.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ బొమ్మ "నిద్ర వస్తుంది" అని చెప్పడం లేదు, "బండి నడపడం మీద ప్రభావం ఉంటుంది" అని చెబుతోంది. కారణం ఏదైనా కావచ్చు. సెటిరిజిన్ మీద అది మగత వల్ల. ఇన్సులిన్ మీద అదే పసుపు త్రిభుజం షుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు అని. కొన్ని కంటి చుక్కల మందుల మీద చూపు మసకబారుతుంది అని. బొమ్మ ఒకటే, దాని వెనక ప్రమాదం వేరు. కారణం తెలియాలంటే కాగితం చదవాల్సిందే.

శ్రీలత_లియోన్
ఇన్సులిన్ వల్ల నిద్ర వస్తుందేమోనని అమ్మ రాత్రి డోసు వేసుకోవడానికి రెండు రోజులుగా భయపడుతోంది. ఇప్పుడు అర్థమైంది. మరి బండి నడపని మనిషికి సెటిరిజిన్ త్రిభుజం ఏం చెబుతున్నట్టు?

పద్మజ_లీడ్స్
ఇన్సులిన్ మాత్రం మానొద్దని అమ్మగారికి ఇప్పుడే చెప్పండి.

సెటిరిజిన్ విషయానికి వస్తే, కారు స్థానంలో మెట్లు పెట్టుకుని చదవండి. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేచే 61 ఏళ్ల మనిషికి ఆ త్రిభుజం కాలు తడబడవచ్చని చెబుతోంది. గ్యాస్ పొయ్యి, కత్తిపీట, బాత్‌టబ్ అంచు దాటడం, ఇవన్నీ ఆ కారులో ఉన్నవే. ఇంకొకటి, సెటిరిజిన్ మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకి కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే డోసు తగ్గించాలి. రేపు డాక్టర్ని కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి డోసు చెప్పమనండి.

సాయి_డాలస్
సెటిరిజిన్‌కి ఇంత భయం దేనికండీ? అది నాన్ డ్రౌజీ కదా. నేను అలర్జీ సీజన్లో రోజూ వేసుకుని ఆఫీసుకి డ్రైవ్ చేస్తాను.

బొమ్మల గురించి నా వైపు నుంచి ఒకటి. ఇక్కడ అమెరికాలో మందు నారింజ రంగు సీసాలో ఇస్తారు, దాని మీద ఫార్మసీ వాళ్లు చిన్న స్టిక్కర్లు అతికిస్తారు. మా నాన్నగారు వచ్చినప్పుడు వెన్ను నొప్పికి ఇచ్చిన మాత్రల సీసా మీద సగం మూసుకున్న కన్ను బొమ్మ ఉంది. నాన్న అది కంటి మందు అనుకుని నాలుగు రోజులు వేసుకోలేదు. "నాకు కళ్లు బాగానే ఉన్నాయి, వాళ్లు వేరే వాళ్ల సీసా ఇచ్చారు" అన్నారు. నొప్పితో అలాగే ఉన్నారు.

పద్మజ_లీడ్స్
సాయి గారూ, మీరుండే చోటే సెటిరిజిన్ డబ్బా వెనక చదవండి. మగత రావచ్చు, మద్యం మానండి, డ్రైవింగ్‌లో జాగ్రత్త అని రాసి ఉంటుంది. డబ్బా మీద నాన్ డ్రౌజీ అని ఉండేవి లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్. పాత మందులతో పోలిస్తే సెటిరిజిన్‌తో మత్తు తక్కువ, లేకపోలేదు. మీకు రాకపోవచ్చు, పక్కవాళ్లకి రావచ్చు. అందుకే పసుపు.

మీ నాన్నగారి కన్ను బొమ్మ కథ చాలా విలువైనది. బొమ్మ గీసినవాళ్లకి అది నిద్ర, చూసినవాళ్లకి అది కన్ను. చదువుతో సంబంధం లేకుండా ఎవరైనా అలాగే చదువుతారు.

ఆశా_సునీత
నమస్తే అండీ. నేను ఆదిలాబాద్ జిల్లాలో ఆశా కార్యకర్తని. మా ఊరి అమ్మాయి ఒకామె భర్త ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చాడు. ఫిట్స్ ఉన్న చెల్లెలికి అక్కడి నుంచి మందుల డబ్బా తెచ్చాడు. దాని మీద ఎర్ర గుండ్రంలో కడుపుతో ఉన్న ఆడమనిషి, అడ్డంగా గీత. మహిళా సంఘం మీటింగ్‌కి తీసుకెళ్లి ఏమనిపిస్తుందని అడిగాను. ఒకామె కడుపు రాకుండా వేసుకునే గోలీ అంది. ఒకామె కడుపు తీయించుకునే గోలీ అంది. పెద్దామె ఒకరు లావు కాకుండా అని చెప్పింది. గర్భిణి వేసుకోవద్దు అని చెప్పింది ఇద్దరే. ఆ ఇద్దరూ ఇదివరకు కాన్పులో ఇబ్బంది వచ్చి హాస్పిటల్‌లో చాలాకాలం ఉన్నవాళ్లు.

మందు పేరు సోడియం వాల్‌ప్రొయేట్. ఆ చెల్లెలికి 22 ఏళ్లు, వచ్చే ఫిబ్రవరిలో పెళ్లి. ఈ బొమ్మ ఆమెకి ఏం చెబుతోందని నేను చెప్పాలి?

పద్మజ_లీడ్స్
సునీత గారూ, మీరు అడిగి తెలుసుకున్నది చాలా పెద్ద విషయం. ఇదే తప్పు బ్రెజిల్‌లో జరిగింది. కుష్ఠు వ్యాధిలో వచ్చే ఒక రకం రియాక్షన్‌కి అక్కడ థాలిడోమైడ్ ఇచ్చేవారు. కడుపులో బిడ్డ కాళ్లు చేతులు ఎదగకుండా చేసే మందు అది. దాని మీద కొట్టేసిన గర్భిణి బొమ్మ పెట్టారు. కొందరు ఆడవాళ్లు దాన్ని గర్భం రాకుండా ఆపే మందనుకున్నారు. అమెరికాలో మొటిమల మందు ఐసోట్రెటినాయిన్ మీద ఇలాంటి బొమ్మనే చూపించి అడిగినప్పుడు కూడా చాలామంది గర్భనిరోధకం అనే చెప్పారు. బొమ్మ ఎవరిని ఆపుతోందో చెప్పదు. మందు గర్భాన్ని ఆపుతుందా, గర్భం మందుని ఆపుతుందా, రెండూ అదే గీతలోంచి చదవవచ్చు.

ఫ్రాన్స్‌లో ఈ బొమ్మ 2017 అక్టోబర్ నుంచి తప్పనిసరి అయింది. వాల్‌ప్రొయేట్ వల్ల దెబ్బతిన్న పిల్లల తల్లులు ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత వచ్చింది అది. రెండు రూపాలు. త్రిభుజంలో గర్భిణి ఉంటే ప్రమాదం, వేరే దారి లేనప్పుడే వాడాలి. గుండ్రంలో కొట్టేసి ఉంటే నిషేధం. ఏ రూపం పెట్టాలో కంపెనీయే తేల్చుకోవాలి. దాంతో చాలా డబ్బాల మీద బొమ్మ చేరి, నిజంగా భయపడాల్సిన వాటికీ, అంతగా అక్కర్లేని వాటికీ తేడా తెలియడం లేదని అక్కడి డాక్టర్లు అన్నారు. ఉదాహరణకి నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ మీద నిషేధం బొమ్మ ఉంటుంది. అక్కడ ఆ మందు గర్భం ఆరో నెల మొదలు నుంచి పూర్తిగా నిషిద్ధం. బొమ్మలో నెలల లెక్క ఉండదు.

వాల్‌ప్రొయేట్‌కి మాత్రం ఆ బొమ్మ అక్షరాలా నిజం. గర్భంలో ఉండగా తల్లి వాడితే పది మంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో పెద్ద లోపాలు వస్తాయి. పది మందిలో ముగ్గురు నలుగురికి మాట, చదువు, ఎదుగుదల వెనకబడతాయి.

కానీ ఆ అమ్మాయితో మీరు మొదట చెప్పాల్సింది వేరే. ఈ బొమ్మ చూసి రేపటి నుంచి గోలీ మానేయకూడదు. ఒక్కసారిగా మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణానికే ముప్పు. పెళ్లి ఫిబ్రవరిలో అంటే ఇప్పుడే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. ఆమెకి ఏ రకం ఫిట్సో చూసి, వీలైతే వేరే మందుకి మారుస్తారు. పాత మందు మెల్లగా తగ్గిస్తూ కొత్తది మెల్లగా పెంచడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతదాకా గర్భం రాకుండా నమ్మకమైన పద్ధతి వాడాలి. ఫోలిక్ యాసిడ్ డోసు కూడా డాక్టర్నే అడగమనండి.

ఆశా_సునీత
చాలా థాంక్స్ అండీ. ఆమె ప్రస్తుతం వాడేది ఆదిలాబాద్‌లో కొన్న స్ట్రిప్. దాని మీద ఏ బొమ్మా లేదు. అదే మందు అని ఆమెకి తెలియదు. ఫ్రాన్స్ డబ్బా మీద బొమ్మ ఉంది కాబట్టి అదొక్కటే ప్రమాదం, మనది మంచిది అనుకుంటోంది.

మందులషాపు_వెంకట్
ఇదొకటి నేను రోజూ చూస్తాను. బొమ్మ లేని డబ్బా అంటే భయం లేని మందు అనుకుంటారు. సునీతమ్మా, రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, వాల్‌ప్రొయేట్ అనే అక్షరాలు రెండింటి మీదా చూపించండి.

యాదగిరి_సూర్యాపేట
ఇంకో బొమ్మ అడుగుత. గ్లాసు కొట్టేసి ఉంటది కదా, మందు తాగొద్దని. కల్లు కూడా లెక్కేనా? మా దగ్గర కల్లుని మందు అనరు. విరేచనాలకి మెట్రోనిడజోల్ ఇచ్చినప్పుడు డాక్టర్ మందు ముట్టొద్దన్నడు. కల్లు తాగిన, ఏం కాలే.

మందులషాపు_వెంకట్
కల్లు కూడా లెక్కే తమ్ముడూ. పులిసిన కల్లులో ఉండేది అదే ఆల్కహాల్. మెట్రోనిడజోల్‌తో తాగితే వాంతులు, గుండె దడ, ముఖం ఎర్రబడటం వస్తాయి. నేను షాపులో ఖచ్చితంగా చెప్తాను.

పద్మజ_లీడ్స్
కల్లు విషయంలో వెంకట్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మెట్రోనిడజోల్ విషయంలో మాత్రం నిపుణుల్లోనే మాట ఒక్కటి కాదు. మా దగ్గర గోలీలు అయిపోయాక కూడా 48 గంటలు తాగొద్దంటాం. అమెరికా లేబుల్ మూడు రోజులంటుంది. 2021లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తన మార్గదర్శకాల్లో మానాల్సిన అవసరం లేదంది. నేను మాత్రం మానమనే చెప్తాను, ఎందుకంటే మానితే పోయేదేమీ లేదు.

గ్లాసు బొమ్మలో అసలు సమస్య వేరే. అదే బొమ్మ మూడు రకాల మందుల మీద వస్తుంది. యాదగిరి గారి జలుబు గోలీ మీద అది ఉంటే, మత్తు మీద మత్తు అని. మెట్రోనిడజోల్ మీద రియాక్షన్ అని. కాలేయం మీద భారం పడే మందుల మీద లివర్ దెబ్బతింటుందని. ఒకసారి తాగి ఏం కాలేదు కాబట్టి అన్నిటికీ ఏం కాదనుకోకూడదు. డ్రైవర్‌కి మొదటిది అన్నిటికంటే ప్రమాదం.

సాయి_డాలస్
ఇన్ని తప్పుగా చదువుతుంటే బొమ్మలు తీసేసి తెలుగులో ఒక వాక్యం రాయొచ్చు కదా?

ఆశా_సునీత
మా సంఘంలో ఇరవై మందిలో చాలామంది చదవలేరు సాయి గారూ. గోండి మాట్లాడే వాళ్లు ఉన్నారు, తెలుగు అక్షరం వాళ్లకి ఫ్రెంచ్ లాంటిదే. బొమ్మ కావాలి. కానీ ఇచ్చేటప్పుడు ఒక మనిషి నోటితో చెప్పి, ఏం అర్థమైందో తిరిగి చెప్పమని అడగాలి. ఆ రెండోది ఎవరూ చేయరు.

మందులషాపు_వెంకట్
సునీతమ్మా, రద్దీ వేళ కౌంటర్ మీద అది కష్టం. నిజం చెప్తున్నాను. సాయంత్రం ఏడింటికి ముందు ఇరవై మంది నిలబడి ఉంటారు.

ఆశా_సునీత
తెలుసండీ. కనీసం ఎండ జెల్‌కి, ఫిట్స్ గోలీకి, జలుబు గోలీ కొనే డ్రైవర్‌కి చెప్పినా చాలు.

శ్రీలత_లియోన్
డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. పద్మజ గారు చెప్పినదే, ఎండతో కలిసి వచ్చిన అలర్జీ అన్నారు. పూత మందు ఇచ్చారు, బొబ్బలు పగలగొట్టొద్దన్నారు. అమ్మ మందుల చీటీలో కీటోప్రోఫెన్ పడదని రాశారు. సన్‌స్క్రీన్ డబ్బా చూశాం, ఆక్టోక్రిలీన్ ఉంది, పక్కన పెట్టేశాం. రక్తపరీక్ష రాశారు, రిపోర్టు వచ్చేదాకా సెటిరిజిన్ సగం డోసు, అదీ పడుకునే ముందే, బాత్రూమ్ దారిలో లైటు వేసి ఉంచమన్నారు. ఇన్సులిన్ మామూలుగానే.

ఇంటికొచ్చి అమ్మ మార్కర్ తీసుకుని ట్యూబ్ మీద తెలుగులో "నాకు కాదు, ఎవరికీ ఇవ్వొద్దు" అని రాసింది. క్యాలెండర్‌లో జూన్ 23 చుట్టూ గీత గీసింది. అప్పటిదాకా కూరగాయలు వంటింట్లోనే, కిటికీ తెర వేసుకుని తరుగుతానంది.

యాదగిరి_సూర్యాపేట
అమ్మకి నమస్కారం చెప్పక్కా. వెంకటన్నా, జలుబు చేస్తే బండి నడిపేవాడు ఏం వేసుకోవాలి? ఎల్లుండి మళ్ళీ విజయవాడ లోడు ఉంది, ముక్కు కారుతోంది.

మందులషాపు_వెంకట్
కలిపి ఉన్న జలుబు గోలీ వద్దు తమ్ముడూ. జ్వరం, ఒళ్లు నొప్పులుంటే ఒట్టి పారాసిటమాల్, ముక్కుకి ఉప్పునీటి చుక్కలు, ఆవిరి. తుమ్ములు ఆగకపోతే ఫెక్సోఫెనడిన్ గురించి డాక్టర్ని అడిగి, మొదటి గోలీ ఇంట్లో ఉండే రోజు వేసుకుని ఎలా ఉందో చూసుకో. లోడు ఎక్కే రోజు కొత్త గోలీ మొదలుపెట్టకు.